పడుకునే ముందు గంటలో ఇంటి వెలుతురు

తల్లిదండ్రులకు నమస్కారం.

పడుకోబెట్టాక బిడ్డ గంటసేపు దొర్లుతున్నాడని, నిద్రపోయే ముందు ఫోను చూపించడం మానేసినా మార్పు రాలేదని మా శిశు తరగతి తల్లిదండ్రులు కొందరు అడుగుతున్నారు. అలాంటి ఇళ్లలో ఫోనుతోపాటు గదిలోని దీపాలను కూడా పరిశీలించవలసి ఉంటుంది.

చీకటి పడుతున్నకొద్దీ మెదడు మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేస్తూ శరీరాన్ని నిద్రకు సిద్ధం చేస్తుంది. కంటిలో పడే వెలుతురు, ముఖ్యంగా అందులోని నీలి భాగం, ఆ విడుదలను ఆపుతుంది. పసిపిల్లల కంటిపాప పెద్దది, కటకం మరింత స్వచ్ఛమైనది కాబట్టి అదే దీపం కింద వారి రెటీనాకు పెద్దలకన్నా ఎక్కువ వెలుతురు చేరుతుంది. అమెరికాలోని కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయం 2018లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు పడుకునే ముందు గంటసేపు, వెలుతురును కొలిచే లక్స్ లెక్కలో 1,000 ఉండే ప్రకాశవంతమైన వెలుతురులో ఆడుకోగా మెలటోనిన్ సగటున 88 శాతం తగ్గింది. దీపం తీసిన 50 నిమిషాల తర్వాత కూడా చాలామందిలో అది సగానికైనా కోలుకోలేదు. 2022లో అక్కడే జరిగిన మరో అధ్యయనంలో 5 నుంచి 40 లక్స్ మసక వెలుతురు సైతం దానిని సగటున 78 శాతం తగ్గించింది. ఇవి మన పిల్లల కన్నా కాస్త పెద్దవారి ఫలితాలు. పైగా బిడ్డకూ బిడ్డకూ తేడా చాలా ఉంటుంది.

రెండున్నరేళ్ల పాపను ఎనిమిదిన్నరకు పడుకోబెడుతున్నారనుకుందాం. ఏడున్నరకే టాబ్లెట్ తీసేశారు, కానీ హాల్లో ట్యూబ్‌లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ఎనిమిదింబావుకు స్నానాలగదిలో అద్దం మీది తెల్లని దీపం కింద పళ్లు తోమించారు. పాప శరీరానికి చీకటి మొదలయ్యేది పక్క మీదికి చేరాకే. కాబట్టి పళ్లు తోమడం ఏడుంబావుకు ముగించి, ఏడున్నర నుంచి పైకప్పు దీపాలు ఆర్పి, పాప కళ్లకు సూటిగా తగలకుండా నేల దగ్గర ఒక్క పసుపు రంగు దీపం మాత్రమే ఉంచండి. తెరకు నైట్‌మోడ్ పెడితే చాలనుకోవద్దు: నీలిరంగు తగ్గినా ముఖానికి జానెడు దూరంలో పట్టుకున్న తెర ప్రకాశం కంటికి బాగానే చేరుతుంది, అందులోని బొమ్మల ఉత్సాహం ఎలాగూ తగ్గదు. టీవీ దూరంగా ఉంటుంది కనుక దాని వెలుతురు కంటికి తక్కువగా చేరుతుంది, అయినా ఆ గంటలో అదీ వద్దనే నా అభిప్రాయం.

ముందుగా ఒక వారం ఏ మార్పూ చేయకుండా, తరువాతి వారం ఇలా మార్చి, పక్క మీదికి చేరిన సమయాన్నీ నిద్రపట్టిన సమయాన్నీ రాసి పెట్టండి. పగటి నిద్ర ముగిసిన వేళను, ఉదయం లేచిన వేళను కూడా పక్కనే రాయండి. సాయంత్రం అయిదు దాకా పడుకున్న బిడ్డకు ఎంత చీకటి చేసినా నిద్ర ఆలస్యంగానే వస్తుంది, ఆ రోజును లెక్కలోంచి తీసేయాలి. రెండు వారాలకూ తేడా కనిపించకపోతే ఆ కాగితాన్ని తరగతి ఉపాధ్యాయురాలికి ఇవ్వండి, పాఠశాలలో పగటి నిద్ర ఇంకా త్వరగా ముగిసేలా వేళ మార్చి చూస్తాము. గురక, ఊపిరి ఆగి ఆగి రావడం గమనిస్తే మాత్రం వేచి చూడకుండా పిల్లల వైద్యులను కలవండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు