జనం వద్దన్నా నాలుగోసారి

సంపాదకుడు గారికి,

జనం ఓటేస్తుంటే ఒకే నేత మళ్లీ మళ్లీ పదవిలోకి రాకుండా ఆపడానికి చట్టమెవరని మా మిర్యాలగూడలో మిత్రులు వాదిస్తున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ దక్షిణ అమెరికా దేశం బొలీవియా సంగతి చూడండి. అక్కడ 2009 రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడు వరుసగా రెండుసార్లే ఉండాలి. అంతకుముందు గెలిచిన విడత లెక్కలోకి రాదని 2013లో కోర్టు చెప్పడంతో అధ్యక్షుడు ఎవో మొరాలెస్ మూడోసారి గెలిచారు. నాలుగోసారి కోసం 2016లో రెఫరెండం పెడితే జనమే వద్దన్నారు. అయినా ఆగలేదు. మరుసటి ఏడాది రాజ్యాంగ కోర్టు, ఈ పరిమితి మానవ హక్కులకే భంగమని తేల్చేసింది! మరి జనం మాట ఏమైనట్టు? మన ముఖ్యమంత్రికి పరిమితి లేకున్నా, సభలో మెజారిటీ పోతే ఏ రోజైనా దిగాల్సిందే. అధ్యక్షుణ్ని అంత తేలిగ్గా దించలేరు కాబట్టే అక్కడ గడువు కావాలి.

– ఒక పాఠకుడు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా