చిన్నీకి, మట్వాడ నుంచి

బిడ్డా చిన్నీ,

పది రోజులైంది నీ గొంతు విని. ఫోన్ చేస్తే ఎత్తవు, తర్వాత "మీటింగ్‌లో ఉన్నా అమ్మా" అని మెసేజ్ పెడతావు. రాత్రి పదకొండుకు ఏం మీటింగులు? మొన్న కొరియర్‌లో పంపిన సకినాలు అందాయా? డబ్బా మూత గట్టిగా పెట్టకపోతే పుణెలో వానకు మెత్తబడతాయి. పిల్లవాడికి ఒకటే ఇవ్వు, నువ్వుల పొడి గొంతులో పడుతుంది.

ఇక్కడ అందరం బాగున్నాం. నాయన మోకాళ్లు అలాగే ఉన్నాయి, మేడ మెట్లు ఎక్కడం మానేశారు. వెనక జామచెట్టు ఈసారి విరగ కాసింది.

సుజాత వచ్చి ఒక మాట చెప్పింది. దాన్ని కోప్పడకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. నీకు కల వచ్చిందట. కాజీపేట స్టేషన్‌లో అల్లుడు మీ నాయన ఆకుపచ్చ రేకు పెట్టె పట్టుకుని రైలెక్కుతున్నాడట. నువ్వు పిలిస్తే వెనక్కి తిరక్కుండా "సంతకాలు అయిపోయాయి" అన్నాడట. చేతిలో విడాకుల కాగితం ఉందట. తెల్లవారుజామున వచ్చింది కాబట్టి నిజమవుతుందేమోనని సుజాతను అడిగావట. నన్ను అడగాల్సింది బిడ్డా. ఇన్నేళ్లు డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెప్పినదాన్ని.

తెల్లవారుజాము సంగతి ముందు చెప్తాను. రాత్రంతా నిద్ర ఒకే తీరుగా ఉండదు. దాదాపు తొంభై నిమిషాలకోసారి కళ్లు రెప్పల కింద గబగబా కదిలే దశ వస్తుంది. దాన్ని రెమ్ నిద్ర అంటారు, 1953లో చికాగోలో కనిపెట్టారు. గట్టిగా గుర్తుండే కలలు ఎక్కువగా ఆ దశలోనివే. మొదటి విడతలో అది కొద్ది నిమిషాలే ఉంటుంది. తెల్లవారే కొద్దీ అరగంటా ఆపైనా సాగుతుంది. మెలకువ కూడా అప్పుడే వస్తుంది కాబట్టి కల చెదరకుండా చేతికి దొరుకుతుంది. అవ్వకు ఈ లెక్క తెలియదు, ఆ వేళ కలలు బలంగా ఉంటాయని మాత్రం గమనించింది. బలంగా ఉన్నంత మాత్రాన జరగబోయేదాన్ని చెప్పినట్టు కాదు.

ఇనుము మాత్రలు వేసుకుంటున్నావా? టీ తాగిన వెంటనే వేసుకోకు, ఒంటికి పట్టదు.

నా కల నీకెప్పుడూ చెప్పలేదు. 1988లో నాయనకు ఏటూరునాగారం పోస్టింగ్. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లేవారు. మీ అన్న చంకలో ఉన్నాడు. ఒక గురువారం తెల్లవారుజామున, భద్రకాళి చెరువు కట్ట మీద ఆయన నాకు ఎదురుగా నిలబడి, "ఇక నీ అవసరం లేదు" అని నడిచి వెళ్లిపోయినట్టు కల. లేచేసరికి దిండు తడిసి ఉంది. అది కల అని నాకు తెలుసు. అయినా శనివారం దాకా గుండెలో రాయి కదల్లేదు. ఆయన వచ్చారు, చేతిలో ఇప్పపువ్వు పొట్లం. కాళ్లకు నీళ్లివ్వలేదు, పళ్లెం పెట్టి అవతలి గదిలోకి వెళ్లిపోయాను. ఏమైంది, ఏమైంది అని మూడుసార్లు అడిగారు. నాలుగోసారికి నా నోటి నుంచి వచ్చింది, "అక్కడ ఎవరున్నారు?" అని. ఆ మనిషి ముద్ద కలిపిన చెయ్యి అలాగే ఆగిపోయింది. తినకుండా లేచారు. ఆదివారం సాయంత్రం బస్సుకు వెళ్లాల్సినవారు తెల్లవారకముందే మొదటి బస్సుకు వెళ్లిపోయారు. వారమంతా నేను పడ్డ బాధ ఆ కలది కాదు, ఆ ప్రశ్నది.

తర్వాత అత్తమ్మ బియ్యం ఏరుతూ అడిగింది, "నీతో ఆ మాట ఎవరన్నారు?" అని. అప్పుడు తట్టింది. ఆ సోమవారమే కాలేజీలో నా క్లాసులు ఇంకొకరికి ఇచ్చేశారు. "ఇక మీ అవసరం లేదు" అన్నారు. బాబు ఉన్నాడు కదా, పోనీలే అని నవ్వి ఇంటికొచ్చాను. ఎవరితోనూ చెప్పలేదు. మాట కాలేజీది, ముఖం మీ నాయనది.

ఎందుకు ఆయన ముఖమే అంటే, పోగొట్టుకుంటే తట్టుకోలేనిది అదే కాబట్టి. ఎర్నెస్ట్ హార్ట్‌మన్ అనే అమెరికా డాక్టర్, అగ్నిప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లు మంటల్ని కాకుండా ముంచుకొచ్చే సముద్రపు అలని కలగనడం గమనించాడు. భయం నిజమైనది, బొమ్మ అరువు తెచ్చుకున్నది. అందుకే రైలుకు ఇదీ, పెట్టెకు ఇదీ అని అర్థాలు రాసిన పుస్తకాలను నేను నమ్మను. నీ పెట్టె అర్థం నీ ఇంట్లోనే వెతకాలి.

నాకు అసలు భయం కల గురించి కాదు, తర్వాతి రోజు గురించి. డిలన్ సెల్టర్‌మన్ అనే ఆయన ప్రేమబంధంలో ఉన్నవాళ్లతో రోజూ కలలూ, పగటి సంగతులూ రాయించి 2014లో ప్రచురించాడు. తోడు మోసం చేసినట్టు కల వచ్చినవాళ్లు ఆ తర్వాత రోజుల్లో దగ్గరతనం తగ్గిందని రాశారు. కలలో గొడవ జరిగితే పగలూ గొడవలు కనిపించాయి. నేను చేసింది అదే కదా. నువ్వూ కల వచ్చినప్పటి నుంచి అల్లుడితో ముభావంగా ఉంటే ఆపెయ్యి తల్లీ. పాపం అల్లుడికి ఏం తెలుసు? "నీ మీద అనుమానంతో కాదు, కల వచ్చి భయపడ్డాను" అని ముందే చెప్పి, తర్వాత కల చెప్పు. వరుస మారిస్తే నిందలా వినిపిస్తుంది.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పు. కల లేని పగళ్లలో కూడా ఆ భయం ఉందా? ఆయన మాట తగ్గించాడా, డబ్బు లెక్కలు దాస్తున్నాడా, నిన్ను చులకన చేస్తున్నాడా? ఉంటే అది కల విషయం కాదు, నేను రేపే బండెక్కుతాను. పగలు మామూలుగా, హాయిగా ఉంటే కలను బట్టి ఆయన్ని కొలవకు. అదే కల మళ్లీ మళ్లీ వచ్చి పడుకోవడానికే భయమేస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లు. కలను కాగితం మీద రాసి, ముగింపు నీకు నచ్చినట్టు మార్చి, రోజూ పగటిపూట కాసేపు మనసులో తిప్పుకునే పద్ధతి నేర్పిస్తారు.

పిల్లవాడి చెవి నొప్పి తగ్గిందా? ఈత మాన్పించు.

ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పుడు నాకు తట్టనిది, అత్తమ్మ ప్రశ్న రాస్తుంటే తట్టింది. నీతో ఆ మాట ఎవరన్నారు? నేనే. మనం చివరిసారి మాట్లాడిన ఆదివారం ఫోన్‌లో ఈ ఇంటి సంగతి చెప్పాను. హనుమకొండలో లిఫ్ట్ ఉన్న ఫ్లాట్ చూశామనీ, ఈ ఇంటికి అడ్వాన్స్ తీసుకున్నామనీ. "సంతకాలు అయిపోయాయి బిడ్డా" అన్నాను. నువ్వు "సరే అమ్మా, నాయన మోకాళ్లకు మంచిదే" అని పెట్టేశావు. సుజాత చెప్పిన లెక్కన కల వచ్చింది బుధవారం. పెట్టె కూడా నాయనదే.

నేననుకున్నదే నిజమని పట్టుబట్టను, నీ కల నీకే తెలియాలి. కానీ నువ్వు పుట్టి పెరిగిన ఇల్లు, నీతో ఒక్క మాట అనకుండా ఇచ్చేశాం. అన్నను అడిగాం, నిన్ను అడగలేదు. పెళ్లయి వెళ్లిన పిల్ల కదా అనుకున్నామేమో. అది తప్పు.

రిజిస్ట్రేషన్‌కు ఇంకా మూడు వారాలుంది. పిల్లవాడినీ అల్లుడినీ తీసుకుని రా. జామకాయలు కోయనివ్వడం లేదు. ఆకుపచ్చ పెట్టె ఎవరికీ ఇవ్వలేదు, తుడిచి నీ మంచం కింద పెట్టాను.

అమ్మ