పన్నెండు జీబీ గ్రాఫిక్స్ అని రాసి నాలుగు ఇస్తున్నారు: ఎన్టీఆర్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

నమస్కారం. నేను విజయవాడ గవర్నర్‌పేటలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే షాపు నడుపుతున్నాను. ఇంజినీరింగ్ సీట్లు ఖాయమయ్యే రోజుల్లో మన ఊరి దుకాణాలు వేసే ల్యాప్‌టాప్ కరపత్రాల్లో, అద్దాలకు అంటించే పోస్టర్లలో ఒక అంకె గురించి మీకు ఫిర్యాదు చేస్తున్నాను. ఆ అంకె పక్కన "గ్రాఫిక్స్ మెమరీ" అని ఉంటుంది. అందులో కొంత గ్రాఫిక్స్ కార్డుది, మిగతాది ల్యాప్‌టాప్ ర్యామ్‌ది. ఆ సంగతి మాత్రం ఎక్కడా ఉండదు.

మా షాపుకి వచ్చిన ఒక కేసు చెబుతాను. నూజివీడు వైపు నుంచి ఒక తండ్రి, ఆర్కిటెక్చర్ చదివే కూతురు వచ్చారు. వాళ్ల దగ్గరున్న కరపత్రంలో "16 జీబీ ర్యామ్, 12 జీబీ గ్రాఫిక్స్" అని ఉంది. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద బిల్డింగ్ మోడల్ తెరిస్తే మిషన్ నత్తలా నడుస్తోందని, కార్డు పాడైందేమో చూడమని అడిగారు. కార్డు శుభ్రంగా ఉంది. అది 4 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3050.

మరి పన్నెండు ఎక్కణ్ణుంచి వచ్చింది? విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, Performance లో ఆ కార్డు మీద నొక్కితే కింద మూడు అంకెలు కనిపిస్తాయి. ఈ మిషన్‌లో అవి ఇలా ఉన్నాయి:

```
Dedicated GPU memory   4.0 GB
Shared GPU memory      7.8 GB
GPU memory            11.8 GB
```

మొదటిది కార్డు మీద అతికించి ఉన్న మెమరీ చిప్పులు. రెండోది, అవసరం పడితే ర్యామ్‌లోంచి గరిష్ఠంగా ఇంత వాడుకోవచ్చని విండోస్ పెట్టిన హద్దు. మామూలుగా అది ర్యామ్‌లో సగం. ఆ సగాన్ని ఎవరూ పక్కన తీసిపెట్టరు. బ్రౌజర్, ఆటోక్యాడ్, విండోస్ అన్నీ అందులోంచే తింటుంటాయి. మూడోది ఈ రెండింటి మొత్తం. కరపత్రం రాసినాయన ఆ మూడోదాన్ని తీసుకుని పన్నెండు చేశాడు.

ఇందులో రెండు తప్పులున్నాయి. ఒకటి, లెక్క. 16 జీబీ ర్యామ్, 12 జీబీ గ్రాఫిక్స్ అంటే కొనేవాడు ఇరవై ఎనిమిది అనుకుంటాడు. మిషన్ విప్పి చిప్పులు లెక్కపెడితే ఇరవయ్యే. సొంతదారు పేర ఒక ఎకరం, కౌలుదారు పేర అదే ఎకరం రాసుకుని మొత్తం రెండెకరాలన్నట్టుంది. ఆ అమ్మాయి మిషన్‌లో తర్వాత ఇంకో 16 జీబీ ర్యామ్ వేశాను. వెంటనే టాస్క్ మేనేజర్‌లో మొత్తం 19.8కి ఎగబాకింది. కార్డు మీద నేను చెయ్యి కూడా వెయ్యలేదు. కరపత్రం లెక్కన ఇప్పుడది "20 జీబీ గ్రాఫిక్స్" ల్యాప్‌టాప్. (ర్యామ్ అమ్ముకునేవాణ్ణి కాబట్టి నాకు ఈ లెక్క లాభమే, ఆ మాట వేరు.)

రెండోది, వేగం. ఇదే అసలు దెబ్బ. ఆ కార్డు తన సొంత మెమరీని సెకనుకు సుమారు 192 జీబీ దాకా చదవగలదు. ర్యామ్‌లో ఉన్నదాన్ని తెచ్చుకోవాలంటే కార్డుని మిగతా మిషన్‌తో కలిపే పీసీఐ దారిలో రావాలి. ఇలాంటి కార్డులకు ఉండే ఎనిమిది లేన్ల నాలుగో తరం దారిలో సెకనుకు దాదాపు 16 జీబీ మాత్రమే వస్తుంది. అంటే పన్నెండో వంతు. ఆమె మోడల్‌కు దాదాపు ఆరు జీబీ కావాలి. నాలుగు నిండాక మిగిలిన రెండూ ర్యామ్‌లోకి పొంగాయి, అక్కణ్ణుంచి మిషన్ నత్తనడకే. మోడల్ తెరిచి ఉంచి చూస్తే Dedicated అంకె నాలుగు దగ్గర ఆగిపోయి, Shared అంకె పైకి కదలడం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే తెర జెర్కులు ఇస్తుంది. ఆ తండ్రికి అదే చూపించాను. మోడల్ గోడలు, నేల మీద అతికించే బొమ్మల, అంటే టెక్స్చర్ల, సైజు తగ్గించి మోడల్‌ని నాలుగు లోపలికి తెచ్చాక మిషన్ మామూలుగా నడిచింది. ర్యామ్ పెంచినందుకు బ్రౌజర్, ఆటోక్యాడ్ కలిసి నడిచేటప్పుడు సుఖంగా ఉంది. ఈ నత్తనడకకు మాత్రం అది మందు కాలేదు.

ర్యామ్ పంచుకోవడం మోసం అని నేను అనడం లేదు. విడిగా కార్డు లేని ల్యాప్‌టాప్‌లన్నీ అలాగే నడుస్తాయి, ఆఫీసు పనికి, చదువుకి అవి చాలు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఒకే మెమరీని పంచుకునేలా, ఆ మెమరీకి వెడల్పాటి దారి వేసి చేసిన ఖరీదైన మిషన్లూ ఉన్నాయి. వాటిలో పంచుకున్నదీ వేగంగానే ఉంటుంది. నా అభ్యంతరం అంకెలు కలిపి రాయడం మీదే. ఇది కొత్త విద్య కూడా కాదు. 2004-05 ప్రాంతంలో ఎన్‌విడియా టర్బోక్యాష్, ఏటీఐ హైపర్‌మెమరీ అని కార్డులు వచ్చాయి. లోపల 32 ఎంబీ ఉన్న కార్డు డబ్బా మీద 128 ఎంబీ అంకె పెద్దదిగా కనిపించేది.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(28) ప్రకారం సరుకు పరిమాణం విషయంలో కొనేవారిని తప్పుదారి పట్టించే అవకాశమున్న ప్రకటన, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచే ప్రకటన రెండూ తప్పుదోవ పట్టించేవే. ఇక్కడ పరిమాణమే తప్పు. సెక్షన్ 17 ప్రకారం ఇలాంటి ఫిర్యాదు కలెక్టర్‌కు ఇవ్వొచ్చు, సెక్షన్ 16 ప్రకారం ఫిర్యాదు మీద మీరు విచారించి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు నివేదిక పంపొచ్చు. ఈ లేఖను ఆ ఫిర్యాదుగా తీసుకోవాలని కోరుతున్నాను. ప్రకటన మార్చమని ఆదేశించే అధికారం సెక్షన్ 21 కింద ఆ సంస్థకుంది. తయారీదారుకు మొదటిసారి పది లక్షల దాకా జరిమానా వేసే అధికారమూ ఉంది గానీ, జరిమానా నాకు ముఖ్యం కాదు. చాలా కరపత్రాలు దుకాణదారులే రాసుకుంటారు. కొందరికి ఈ తేడా నిజంగానే తెలియదు. వాళ్లను శిక్షించడం కన్నా కరపత్రం మార్పించడం మేలు.

కోరేది ఒక్కటే. గ్రాఫిక్స్ మెమరీ అని అంకె వేస్తే కార్డు సొంత మెమరీ ఎంతో అదే వెయ్యాలి. ర్యామ్‌లోంచి వాడుకోగలిగింది చెప్పాలనుకుంటే పక్కన విడిగా, అదే భాషలో, అదే సైజు అక్షరాల్లో చెప్పాలి. కింద చీమల్లాంటి అక్షరాల్లో "షరతులు వర్తిస్తాయి" అంటే కుదరదు. 2022 తప్పుదోవ ప్రకటనల మార్గదర్శకాలు కూడా వివరణ అక్షరాలు అసలు ప్రకటన అక్షరాల్లాగే ఉండాలంటున్నాయి.

తనిఖీకి నిపుణులు అక్కర్లేదు. మీ సిబ్బంది బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు దుకాణాల్లో ప్రదర్శనకు పెట్టిన మిషన్ల దగ్గర Ctrl+Shift+Esc నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, Performance లో Dedicated అంకెను గోడమీద పోస్టర్‌తో పోల్చుకుంటే చాలు. ఒక్క జాగ్రత్త: చాలా ల్యాప్‌టాప్‌లలో GPU 0, GPU 1 అని రెండు కనిపిస్తాయి. ఒకటి ప్రాసెసర్‌లో ఉండేది, ఇంకొకటి విడి కార్డు. పోల్చాల్సింది పోస్టర్ మీద పేరున్న కార్డుతో. టాస్క్ మేనేజర్ బదులు విండోస్‌లోనే ఉండే `dxdiag`లో చూసేవాళ్లు Display పేజీ దగ్గరే ఆగకూడదు, విడి కార్డు తరచుగా Render పేజీలో ఉంటుంది.

నా దగ్గరున్న కరపత్రాల నకళ్లు, ఆయా మిషన్ల తెర ఫొటోలు ఈ లేఖతో జతచేస్తున్నాను. కొనుగోలుదారుల పేర్లు, బిల్లు నంబర్లు తుడిచేశాను. విచారణలో అవసరమైతే వాళ్ల అనుమతితో అసలు బిల్లులు తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ల్యాప్‌టాప్ సర్వీసు షాపు యజమాని,
గవర్నర్‌పేట, విజయవాడ