మొదటి వారం ఎవరినీ స్టేజి ఎక్కించకు

చిన్నీ,

నలుగురి ముందు మాట్లాడాలంటే భయపడే మీ కాలేజీ పిల్లల కోసం నువ్వు రాసి పంపిన కోర్సు ప్లాన్ రెండుసార్లు చదివాను. ఆరు వారాలు, వారానికి ఒక గంటన్నర, పన్నెండు మంది. ఇంతవరకు బాగానే ఉంది. పన్నెండు మందికి మించి ఒక్కరిని కూడా చేర్చుకోకు, ప్రిన్సిపాల్ ఎంత ఒత్తిడి చేసినా సరే. కానీ మొదటి వారం దగ్గర "ఒక్కొక్కరూ ముందుకొచ్చి రెండు నిమిషాలు సెల్ఫ్ ఇంట్రడక్షన్" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. సరిగ్గా నేనూ అదే చేసి ఒక క్లాసును చేతులారా ఖాళీ చేసుకున్నాను.

నీకు చెప్పినట్టు లేను. నేను మొదటిసారి ఇలాంటి క్లాసు పెట్టినప్పుడు పద్దెనిమిది మంది పేర్లు ఇచ్చారు. అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, కుడివైపు నుంచి వరసగా పరిచయం చేసుకోమన్నాను. సరదాగా ఉంటుందనుకున్నాను. తొమ్మిదో కుర్చీలో కూర్చున్న అబ్బాయి కాళ్లవైపు చూస్తే, మడమ నేల మీద ఆగకుండా కొట్టుకుంటోంది. వాడి ముందు మాట్లాడిన ఎనిమిది మంది ఏం చెప్పారో వాడికి ఒక్క ముక్క వినపడి ఉండదు. తన వంతు ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకోవడమే సరిపోయింది. రెండో వారానికి ఏడుగురు వచ్చారు. మిగతావాళ్లకు ఆసక్తి లేదని అప్పట్లో విసుక్కున్నాను. వాళ్లకు నేను చేసిందేమిటో తర్వాత ఎప్పుడో అర్థమైంది. భయం ఎక్కువగా ఉండేది మాట్లాడుతున్నంతసేపూ కాదు, మాట్లాడబోయే ముందూ మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనూ. నేను వాళ్లను అరగంటసేపు ఆ ముందు క్షణంలోనే కూర్చోబెట్టి, కాస్త కుదురుకునే లోపే "సరే, కూర్చో" అన్నాను. భయం పెరగడం మాత్రమే చూశారు, తగ్గడం ఒక్కరూ చూడలేదు.

అందుకని మొదటి రోజు ఒంటరిగా ఎవరినీ మాట్లాడించకు. చీటీలు రాయించు. తనకు ఇబ్బందిగా ఉండే పది సందర్భాలు, ఒక్కో చీటీ మీద ఒక్కొక్కటి. పక్కనే సున్నా నుంచి వంద దాకా ఒక నంబరు వేయమను. సున్నా అంటే ఏ ఇబ్బందీ లేదు, వంద అంటే అంతకన్నా భయం ఊహించలేం. ఈ నంబరు పద్ధతి జోసెఫ్ వోల్పే అనే మనోవైద్యుడిది, భయాలకు మెట్లు మెట్లుగా వైద్యం చేసేటప్పుడు వాడేవాడు. ఆ చీటీలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చుకుంటే ఎవరి నిచ్చెన వాళ్లకు తయారవుతుంది.

నువ్వు చూస్తావు, ఏ ఇద్దరి నిచ్చెనా ఒకలా ఉండదు. నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయికి అటెండెన్స్ పలకడం 15, కూర్చున్నచోట పుస్తకం చదవడం 30, సెమినార్ 80. అంతవరకు మామూలే. కానీ క్లాసులో లేచి డౌట్ అడగడం 85! సెమినార్ కన్నా ఎక్కువ. ఎందుకని అడిగితే, "సెమినార్‌కి బట్టీ పట్టుకుని వెళ్లొచ్చు మేడమ్, డౌట్‌కి అప్పటికప్పుడు మాట రావాలి" అంది. ఆ ఒక్క మాటతో ఆ అమ్మాయి భయం స్టేజి మీద కాదు, తయారు చేసుకోని మాట మీద అని తెలిసిపోయింది. నీ ప్లాన్‌లో ఉన్నట్టు అందరికీ ఒకే వరస పెడితే ఇది ఎప్పటికీ బయటికి రాదు.

ఇక రెండో వారం. 40 దగ్గర ఉన్న చీటీతో మొదలుపెట్టించు. 20 అయితే నేర్చుకునేదేమీ ఉండదు, 80 అయితే మళ్లీ రారు. ఒక్కొక్కరిని ముందుకు పిలిచే బదులు ముగ్గురు ముగ్గురుగా నాలుగు గుంపులు చెయ్యి. ఒక్కొక్కరూ ఒక నిమిషం మాట్లాడాలి, విషయం తేలికైనది: ఒక వస్తువును ఎలా వాడాలో చెప్పడం లాంటిది. అయిదు నిమిషాల్లో ఒక రౌండు అయిపోతుంది. గుంపులు మార్చి అదే నిమిషం, అదే విషయం మళ్లీ చెప్పించు. ఇంకోసారి మార్చి మళ్లీ. పదిహేను నిమిషాల్లో ప్రతి ఒక్కరూ మూడుసార్లు మాట్లాడేశారు, ఎవరూ వంతు కోసం కాచుకుని కూర్చోలేదు. నీ పద్ధతిలో ఇరవై నాలుగు నిమిషాలు పట్టి ఒక్కొక్కరికి ఒక్కసారే వంతు వచ్చేది. ప్రతిసారీ ముందు నంబరు రాయించు. మొదటిసారి 45, రెండోసారి 40, మూడోసారి 25 అని తన చేత్తో తనే రాసుకున్న కాగితం ముందు నువ్విచ్చే ధైర్యవచనాలు దేనికీ పనికిరావు.

నంబరుతో పాటు ఒక కార్డు మీద ఇంకొకటి కూడా రాయించు. మాట్లాడే ముందు "ఏం జరుగుతుందని అనుకుంటున్నావు?" అని. చాలామంది "టెన్షన్ వస్తుంది" అని రాస్తారు. ఒప్పుకోకు. టెన్షన్ ఎలాగూ వస్తుంది, అందులో తేల్చుకోవడానికి ఏముంది? పక్కనున్నవాళ్లు చూసి అవును, కాదు అని చెప్పగలిగేది రాయాలి. "కాగితం వణుకుతుంది, ముందు వరసలో వాళ్లు నవ్వుతారు, అర నిమిషం మాట రాక నిలబడిపోతాను." ఇలాగ. ఇందాక చెప్పిన అమ్మాయి సరిగ్గా ఈ చివరి మాటే రాసింది. మధ్యలో నిజంగానే ఆగిపోయింది కూడా. గడియారం పట్టుకున్న అబ్బాయి చూసింది నాలుగు సెకన్లు. ఆ అమ్మాయి నమ్మలేదు, వాడు తప్పు చూశాడంది. మూడో రౌండులో మళ్లీ ఆగింది, ఈసారి గడియారం వేరేవాళ్ల చేతిలో ఉంది. మూడు సెకన్లు. అప్పుడు కార్డు వెనక్కి తిప్పి "జరిగింది" అన్నచోట తనే రాసుకుంది.

దీని మీద నాకు బాగా నచ్చిన ఒక ప్రయోగం ఉంది. 2003లో కెనెత్ సావిట్స్కీ, థామస్ గిలోవిచ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఉపన్యాసం ఇవ్వబోయే విద్యార్థుల్లో కొందరికి ఏమీ చెప్పలేదు. కొందరికి "కంగారు సహజం, దాని గురించి ఆలోచించకు" అన్నారు. ఇంకొందరికి మాత్రం అసలు సంగతి చెప్పారు: మీ లోపలి కంగారు మీకు తెలిసినంతగా బయటివాళ్లకు కనపడదు, కనపడుతుందని మీరు అనుకుంటారంతే. ఈ మూడో గుంపు వాళ్లే మెరుగ్గా మాట్లాడారు, అదీ చూసినవాళ్ల లెక్కలో కూడా. "కంగారుపడకు" అన్న ఓదార్పు దాదాపు వృథా అయింది. మనం ఇన్నేళ్లూ పిల్లలకు చెప్పేది ఆ రెండో మాటే కదా!

అందుకే వీడియోను అయిదో వారానికి ఉంచు. అంతకుముందు తీయకు, తీసినా ఊరికే చూపించేయకు. చూసే ముందు "నా చేతులు ఎంత వణికాయి, గొంతు ఎంత వణికింది" అని పదికి మార్కులు వేయించు. తర్వాత వేరే ఎవరో అపరిచితుణ్ణి చూస్తున్నట్టు చూసి మళ్లీ మార్కులు వేయమను. ఈ ముందు మార్కులు లేకుండా చూపిస్తే, సిగ్గరి పిల్ల తెర మీద తనకు గుర్తున్న భయాన్నే చూసుకుంటుంది, బొమ్మను చూడదు. ఆ అమ్మాయి వణుకుకు ముందు 8 వేసుకుంది, చూశాక 3.

మూడో వారం లేచి నిలబడి మాట్లాడటం, చేతిలో అయిదు మాటలున్న చిన్న కార్డు మాత్రమే. నాలుగో వారం కావాలని తప్పు చేయించడం: మధ్యలో కార్డు కింద పడేసి తీసుకోవాలి, అయిదు సెకన్లు మాట్లాడకుండా నిలబడాలి, ఒక ప్రశ్నకు "నాకు తెలియదు, కనుక్కుని చెప్తాను" అనాలి. ఇది నవ్వులాటలా ఉంటుంది కానీ, వాళ్లు భయపడేది సరిగ్గా వీటికే. ఆరో వారం బయటివాళ్లు ఒక ఎనిమిది మంది ఎదుట మూడు నిమిషాలు. ప్రతి వారం మధ్యలో కూడా ఒక పని ఉండాలి, అది మీ గదిలో కాదు, వాళ్ల మామూలు క్లాసులో: ఒక డౌట్ అడగడం, ల్యాబ్‌లో ఒకరికి ఒక విషయం వివరించడం. లేకపోతే ఆ పన్నెండు మంది ముందు మాత్రమే ధైర్యం వస్తుంది, గది మారితే పోతుంది.

ఇక్కడ నువ్వు కళ్లు పెట్టి చూడాల్సింది ఊతకర్రలను. ఒకరు వారం వారం చక్కగా మాట్లాడతారు, కానీ నంబరు 60 దగ్గరే కూర్చుంటుంది, దిగదు. అలా కనిపిస్తే ఎక్కడో ఊతకర్ర ఉందన్నమాట. మొత్తం రాసుకొచ్చి చదవడం, వెనక గోడను చూస్తూ మాట్లాడటం, పెన్ను బిగించి పట్టుకోవడం వెంటనే కనపడతాయి. కనపడనిది వేగం. పరిగెత్తినట్టు మాట్లాడేసి కూర్చుంటారు, మనమేమో "గలగలా మాట్లాడింది" అని మెచ్చుకుంటాం. గండం గడిచింది, ఆ వేగం వల్లే గడిచింది అనుకుంటారు వాళ్లు. ఊతకర్రను తీయించు, కానీ వారానికి ఒక్కటే.

వినేవాళ్లకు ఒకటే నియమం పెట్టు: విన్నదాంట్లో గుర్తున్న ఒక విషయం చెప్పాలి. "బాగా మాట్లాడావు", "భయపడ్డావు" రెండూ వద్దు. "అ... అ..." అన్నవి ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టే ఆట రాశావు, దాన్ని కొట్టేశాను. అది భయం పోయినవాళ్లకు.

ఇంకొక్క మాట. నత్తి ఉన్న పిల్లలు వస్తే గడియారం చూపించకు, నత్తి తగ్గించే పని నీది కాదు, దానికి స్పీచ్ థెరపిస్టులు ఉన్నారు. వైవా ఉందని పరీక్షే ఎగ్గొట్టేవాళ్లు, క్యాంటీన్‌లో పదిమంది ఎదుట తినడానికి కూడా భయపడేవాళ్లు ఉంటే ఈ ఆరు వారాలు చాలవు, మీ కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లు. నువ్వే వెంట వెళ్లు, చీటీ రాసి పంపితే వెళ్లరు.

చివర్లో బహుమతులు అని రాశావు, అదీ కొట్టేశాను, కోప్పడకు. మార్చిన ప్లాన్ మళ్లీ పంపు. దాంతోపాటు నీ పది చీటీలు కూడా రాసి పంపు. "ప్రిన్సిపాల్ గదిలోకెళ్లి పన్నెండు మందే చాలని చెప్పడం" అన్న చీటీ మీద నువ్వు వేసే నంబరు నాకు తెలుసు. నాకు పంపే ముందు దాన్ని తగ్గించి రాయకు.

అమ్మ