చదువు కోసం సెలవిస్తే సరిపోదు, తిరిగొచ్చే హక్కు కూడా ఇవ్వాలి

గౌరవనీయులైన కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక ప్రైవేటు సంస్థలో డేటా విభాగంలో పనిచేస్తున్నాను. స్టాటిస్టిక్స్‌లో రెండేళ్ల మాస్టర్స్ చదవడానికి సీటు వచ్చింది. తరగతులు, ల్యాబు, చివర్లో థీసిస్ అన్నీ పగటి పూటే కాబట్టి ఉద్యోగం చేస్తూ చదవడం కుదరదు. రెండేళ్లు జీతం లేని సెలవు కావాలని దరఖాస్తు పెట్టాను. కంపెనీ కాదనలేదు. కానీ చేతికిచ్చిన ఉత్తరంలో ఇలా ఉంది: ‘రెండేళ్ల సెలవు మంజూరు చేస్తున్నాం. గడువు ముగిశాక ఖాళీ ఉంటే, సంస్థ అవసరాన్ని బట్టి మీ నియామకాన్ని పరిశీలిస్తాం.’

దయచేసి ఆ రెండో వాక్యాన్ని మరోసారి చదవండి. సెలవులో ఉన్న మనిషి తన సీటుకు తిరిగి వస్తాడు, అతన్ని కొత్తగా నియమించాల్సిన పని లేదు. ‘నియామకం’ అన్నారంటే పాత సర్వీసు తెగిపోయినట్టే. మళ్లీ ప్రొబేషన్, మళ్లీ మొదటి నుంచి సీనియారిటీ. అదీ ఖాళీ ఉంటేనే. పేరుకు సెలవు గానీ, నిజానికి ఇది ముందుగా తీసుకున్న రాజీనామా. హెచ్ఆర్ వాళ్లు మాత్రం ‘మీరు మా మనిషే, కంగారు పడకండి’ అన్నారు. ఆ మాట అన్నవాళ్లు రెండేళ్ల తర్వాత అక్కడే ఉంటారో లేదో ఎవరికి తెలుసు? నోటిమాటను పట్టుకుని ఏ అధికారి ముందుకు వెళ్లగలం?

అసలు టెన్షన్ తేదీల దగ్గర మొదలవుతుంది. సీటు వచ్చాక కొద్ది వారాల్లోనే ఫీజు కట్టి ఖరారు చేసుకోవాలి. సెలవు దరఖాస్తు మాత్రం మేనేజర్, విభాగాధిపతి, హెచ్ఆర్ అంటూ బల్లలు మారుతూ ఉంటుంది. ఇన్ని రోజుల్లో జవాబివ్వాలన్న గడువు వాళ్లకు లేదు. జవాబు రాకముందే ఫీజు కడితే డబ్బు పోయే ప్రమాదం, కట్టకపోతే సీటు పోతుంది.

రెండో చిక్కు చదువు చివర్లో వస్తుంది. కోర్సు కాలం రెండేళ్లే అయినా థీసిస్ మూల్యాంకనం, వైవా ఒక్కోసారి దాన్ని దాటిపోతాయి. సెలవు గడువును కోర్సు చివరి తేదీతో ముడిపెడితే, వైవా రెండు నెలలు ఆలస్యమైన విద్యార్థి అయితే డిగ్రీ వదులుకోవాలి, లేదా ‘అనుమతి లేకుండా గైర్హాజరు’ అనిపించుకుని ఉద్యోగం వదులుకోవాలి. విశ్వవిద్యాలయం రాసిచ్చిన ధ్రువపత్రం చూపిస్తే ఒకసారి గడువు పెంచే వీలు ఉండాలి.

ఇవేమీ ఎక్కడా లేని కోరికలు కావు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1974లోనే, జీతంతో కూడిన విద్యా సెలవు గురించి 140వ ఒప్పందం చేసింది. నేను జీతం కూడా అడగడం లేదు. స్వీడన్‌లో అదే ఏడాది వచ్చిన చట్టం ఉద్యోగులకు చదువు కోసం సెలవు హక్కు ఇచ్చింది. ఫిన్లాండ్ చట్టం 1979 నాటిది. అక్కడ ఒకే యజమాని దగ్గర ఏడాది పనిచేసినవారు అయిదేళ్లలో మొత్తం రెండేళ్ల వరకు చదువు సెలవు తీసుకోవచ్చు. ఒక మాస్టర్స్‌కి ఆ రెండేళ్లు చాలు.

యజమానుల ఇబ్బంది నాకు తెలియంది కాదు. నలుగురే ఉన్న విభాగంలో ఒకరు వెళ్లిపోతే మిగతా ముగ్గురి మీద భారం పడుతుంది. అందుకే సెలవు ప్రారంభాన్ని ఒకసారి ఆరు నెలల వరకు వాయిదా వేసే హక్కు వాళ్లకు ఇవ్వండి. సీటును మరుసటి సెమిస్టర్‌కో ఏడాదికో మార్చుకునే అవకాశం చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంటుంది. ఈ రెండేళ్లకు మాత్రమే తాత్కాలికంగా ఒకరిని పెట్టుకునే వీలు కూడా వాళ్లకు ఉండాలి. తిరిగి వచ్చే తేదీని మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పమంటే చెబుతాం.

బదులుగా చట్టంలో నేను కోరేది ఇది. దరఖాస్తు అందిన ముప్పై రోజుల్లోగా కారణాలతో సహా రాతపూర్వక జవాబు ఇవ్వాలి. సెలవు ఉత్తరంలో ‘అదే ఉద్యోగం, లేదా అదే హోదా, అంతకు తగ్గని జీతం ఉన్న మరో ఉద్యోగం’ అని స్పష్టంగా ఉండాలి. సెలవు కాలంలో సర్వీసు తెగిందని లెక్కగట్టకూడదు. ఇంకొకటి ముఖ్యం. సంస్థ సిబ్బందిని తగ్గించేటప్పుడు ఎదురుగా లేని మనిషి పేరు కొట్టేయడమే అన్నిటికంటే తేలిక. కాబట్టి సెలవులో ఉన్నవారిని తొలగిస్తే, ఆ తొలగింపు సెలవు వల్ల కాదని నిరూపించే బాధ్యత యజమానిదే కావాలి.

నా ఉత్తరంలోని ‘ఖాళీ ఉంటే’ అన్న మాటలు తీసేయమని కంపెనీకి మళ్లీ రాశాను. వాళ్లు ఒప్పుకోవాలని చెప్పే నిబంధన ఏదీ చూపలేకపోయాను. ఆ నిబంధన తేవాలని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
చదువుకోవాలనుకుంటున్న ఒక ఉద్యోగి