పొడుగోడి ప్రేమలేఖ

అమీర్‌పేట, ఆదివారం

ఒరేయ్ గుండూ,

రెండు నెలలుగా ఉత్తరం లేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. అమ్మ మోకాలినొప్పి తగ్గింది, గది అద్దె అయిదొందలు పెరిగింది, ఉద్యోగం అలాగే ఏడుస్తోంది. అసలు సంగతి విను.

మా గదిలో సిద్దిపేట పొడుగోడున్నాడు చూడు, వాడు ప్రేమలేఖ రాసి దిద్దమని నాకిచ్చాడు! మొదలే 'చంద్రుడు లేని ఆకాశము వలె నీవు లేని నా జీవితము...' అప్పట్లో నువ్వు రాసిన ప్రేమలేఖ గుర్తొచ్చి పొలమారింది నాకు. నవ్వకు, నీదింకా ఘోరం.

"ఆ అమ్మాయి పేరు తీసేసి మీ మేనమామ కూతురి పేరు పెట్టి చదవరా" అన్నాను. చదివాడు. ఎక్కడా తేడా రాలేదు, వాడి మొహమే మాడింది. అలా ఎవరికైనా సరిపోయే వాక్యాలన్నీ కొట్టేస్తే రెండు పేజీల్లో 'ఇట్లు' మిగిలింది. 'నువ్వు కాదంటే బతకను' అన్నదాన్ని మాత్రం నేనే రెండుసార్లు కొట్టేశాను. ఆ పిల్లకి కాదనడానికి చోటుండొద్దూ?

కాగితం పక్కన పెట్టి, అసలెప్పుడు నచ్చిందో చెప్పమన్నాను. 'మంచిగుంటది అన్నా' తప్ప అరగంట ఇంకో ముక్క లేదు. ఆఖరికి కదిలాడు. మొన్న వానకి ఇద్దరూ ఇరానీ హోటల్లో ఆగారట. ఆమె ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో విరిగి పడిందట. వీడి చేతిలో బిస్కెట్టు లాక్కుని దాంతో తీయబోతే అదీ మునిగిందట!

నేను ఉత్సాహంగా 'నీ నవ్వు వానతో కలిసి కురిసింది' అని రాసేశాను. మురిసిపోయాననుకో. గట్టిగా చదవమంటే వాడు 'కురిసింది' దగ్గర ఆగిపోయి, "అన్నా, ఈ మాట నేనెప్పుడన్న అన్ననా?" అన్నాడు. చూస్తే నా గుంటూరు 'లాగేసుకున్నావు' కూడా దూరింది. అదీ పోయింది. అప్పుడు వాణ్ణి చెప్పమని, ఉన్నదున్నట్టు రాశాను:

'నా బిస్కెట్ గుంజుకున్నవ్. అది గూడ మునిగింది. నువ్వు నవ్వినవ్. ఆ దినం సంది ఒక్కన్నే చాయ్ తాగుడు బేకార్ అనిపిస్తున్నది.'

బేకార్! మనిద్దరం జన్మలో రాయగలమా?

వాడికి ఊపొచ్చి, ఆమె ఏ మెట్రో ఎక్కుతుందో, ఏ రోజు ఏ చున్నీయో కూడా రాద్దామన్నాడు. వద్దన్నాను. వివరమే కదా అంటాడు. ఆమెకి తెలియకుండా చూసినవి రాస్తే భయపడుతుందిరా, ఇద్దరూ ఉండగా జరిగినవే ఉంచమన్నాను. ఆఖర్న జన్మజన్మల బంధం తీసేసి 'ఆదివారం మల్ల అదే హోటల్‌కి వస్తవా? రాకున్నా ఏం గాదు' అని పెట్టాం. ఆ 'రాకున్నా' రాయడానికి వాడికి పావుగంట పట్టింది.

పొద్దున్నే అక్కడికే వెళ్ళాడు. ఇంకా... ఒరేయ్, మెట్ల మీద చెప్పుల చప్పుడు. వాడిదే. ఉంటా

నీ
బండోడు