వర్క్‌షీట్‌లో తొమ్మిదో ప్రశ్నకు జవాబు 20 కాదు, 10

మారతహళ్లి, బెంగళూరు

ప్రచురణ విభాగం మేనేజర్ గారికి,

విషయం: పదకొండో తరగతి ప్రస్తారాలు–సంయోగాల వర్క్‌షీట్‌లో తప్పులు

అయ్యా,

మీ దగ్గర కొన్న ఈ వర్క్‌షీట్‌ను ఇక్కడి తెలుగు పిల్లల చేత చేయిస్తున్నాం. తొమ్మిదో ప్రశ్న ఇది: “ఆరుగురిని ముగ్గురేసి చొప్పున రెండు జట్లుగా ఎన్ని రకాలుగా విడదీయవచ్చు?” కీలో 6C3 = 20 అని వేశారు. సరైన జవాబు 10.

నలుగురిని ఇద్దరేసి చొప్పున విడదీసి రాస్తే సంగతి తేలిపోతుంది. వాళ్లను క, గ, చ, ట అనుకుందాం. కగ–చట, కచ–గట, కట–గచ. ఇంతే, మూడు. మీ పద్ధతిలో 4C2 = 6 వస్తుంది. కగ ఒక జట్టైతే మిగిలింది చట; చట ఒక జట్టైతే మిగిలింది కగ. విభజన ఒక్కటే, లెక్కలో మాత్రం రెండుసార్లు పడింది. అందుకే 2తో భాగించాలి. ఒక జట్టు కబడ్డీకి, ఇంకోటి ఖోఖోకి అని ప్రశ్నలో ఉంటే 20 నిజమే, ఎందుకంటే అప్పుడు జట్లను అటూఇటూ మారిస్తే ఫలితం మారుతుంది. మీ ప్రశ్నలో అలాంటి మాటే లేదు.

ఇంతకంటే ఇబ్బంది పెట్టేది దాని కింద ఉన్న “జాబితా రాసి సరిచూడండి” పెట్టె. అందులో ముగ్గురిని ఒకరు, ఇద్దరుగా విడదీశారు. 3C1 = 3, జాబితాలోనూ మూడే. సరిపోయిందని సూత్రాన్ని ఖాయం చేశారు. జట్ల సైజులు వేరైతే రెండుసార్లు లెక్కపడే ప్రమాదమే లేదు, కాబట్టి ఆ ఉదాహరణలో ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. చిన్న ఉదాహరణ చిన్నదైతే చాలదు, అసలు ప్రశ్నలోని చిక్కు అందులోనూ ఉండాలి. ఇక్కడ ఆ చిక్కు సమాన సైజులే.

రెండో పేజీ పైన “ఎన్నుకోవడం అనే మాట ఉంటే సంయోగం” అని అచ్చువేశారు. పదకొండో ప్రశ్న తప్పింది దీనివల్లే. పదిమందిలో కెప్టెన్‌ను, వైస్ కెప్టెన్‌ను ఎన్నుకోమంటే కీలో 45 ఉంది. రావాల్సింది 90. క కెప్టెన్, గ వైస్ కెప్టెన్ అయితే ఒక ఫలితం, తారుమారైతే ఇంకోటి. వరుస లెక్కలోకి వస్తుందా రాదా అన్నది మాటను చూసి తేలదు. ఇద్దరిని తారుమారు చేసి, ఫలితం మారిందా అని చూడాలి. జట్ల లెక్కలోనైతే జట్టు లోపల ఒకసారి, జట్ల మధ్య ఇంకోసారి ఇదే చూడాలి. మొదటిది చూసి రెండోది వదిలేసే పిల్లలే ఎక్కువ, మీ కీ కూడా అదే చేసింది.

రెండు జవాబులూ దిద్ది, పెట్టెలో నలుగురి ఉదాహరణ పెట్టి, ఆ మాటల సూత్రం తీసేయండి. సవరించిన పేజీలను ఇప్పటికే కొన్నవాళ్లందరికీ ఉచితంగా పంపాలి. లేదంటే సెట్టు వెనక్కి తీసుకుని మా డబ్బు ఇప్పించండి.

ఇట్లు,
లెక్కల టీచర్లు, మారతహళ్లి